ఫోన్ హాల్లో, నేను గదిలో

ఆదివారం, డాక్టరు పెట్టిన పన్నెండు వారాల్లో 41వ రోజు.

పొద్దున ఆరున్నరకి అలారం గడియారం మోగింది. రాత్రిళ్లు ఫోన్ హాల్లో ఫ్రిజ్ మీద ఉంటుంది, అందుకే గదిలోకి ఈ గడియారం కొన్నాను. మెలకువ వచ్చేసరికి అంగం గట్టిగానే ఉంది. ఈ వారంలో ఇది నాలుగోసారి. నా భార్య ఇంకా నిద్రలోనే ఉంది. కాఫీ కలుపుకుని, ఇవాళైనా మొదటినుంచి రాద్దామని కూర్చున్నాను.

పెళ్లయి తొమ్మిది నెలలు. మొదటి రాత్రి కుదరకపోతే అలసట అనుకున్నాం. రెండు వారాల తర్వాత కూడా అంతే. దగ్గరికి తీసుకున్నప్పుడు ఇష్టం ఉంటుంది, సరిగ్గా ఆ సమయానికి మెత్తబడిపోతుంది. తను చాటుగా ఏడ్చేదని చాలా రోజులకి తెలిసింది. "నేను నీకు నచ్చలేదేమో అనుకున్నా" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఎందుకంటే అవే రాత్రుల్లో తను పడుకున్నాక నేను బాత్రూంలో ఫోన్ పట్టుకుని పరీక్ష చేసుకునేవాణ్ణి. అక్కడ రెండు నిమిషాల్లో అంతా మామూలే.

డాక్టరు మొదట అడిగినవి కూడా అవే: పొద్దున గట్టిపడుతుందా, ఒక్కడివే ఉన్నప్పుడు అవుతుందా? రెండింటికీ అవునన్నాను. రక్తనాళాల్లో, నరాల్లో పెద్ద లోపం ఉండే అవకాశం తక్కువన్నారు. అయినా బీపీ, షుగరు, పొద్దున పూట తీసిన రక్తంలో టెస్టోస్టెరాన్ చూపించారు. అన్నీ బాగానే ఉన్నాయి.

అప్పుడు అలవాటు గురించి అడిగారు. ఇంటర్ నుంచి రోజూ పోర్న్. ఏ వీడియో చివరిదాకా చూడను. కాస్త చప్పబడగానే ఇంకోటి, దానికంటే ఘాటైనది ఇంకోటి. పైగా బిగించిన పిడికిలి. పన్నెండేళ్లలో నా ఒంటికి తెలిసిన కామం అదే: నిమిషానికో కొత్త బొమ్మ, నా చేతి ఒత్తిడి, ఎదురుగా ఎవరూ ఉండరు. భార్యతో ఇవేవీ ఉండవు. ఉన్నది ఒక్క మనిషి, నెమ్మదైన స్పర్శ, ఆమె ఏమనుకుంటుందోనన్న ధ్యాస.

ఒకసారి విఫలమయ్యాక దాని మీద భయం చేరింది. భయానికి అడ్రినలిన్ పెరుగుతుంది, అంగంలోకి రక్తం తెచ్చే నాళాలు బిగుసుకుంటాయి. గట్టిగా ఉందా, తగ్గిందా అని నేను కనిపెట్టుకుని చూసిన కొద్దీ తగ్గేది. తగ్గిన రాత్రల్లా బాత్రూం పరీక్ష. దాంతో పాత అలవాటు ఇంకా ముదిరేది. పోర్న్ ఒక్కటే కారణమని పరిశోధనలు తేల్చలేదని, చూసేవాళ్లందరికీ ఇలా కాదని, కొందరిలో భయం వాటాయే ఎక్కువని డాక్టరు చెప్పారు. అందుకే నాకు రెండింటికీ కలిపి పన్నెండు వారాలు పెట్టారు.

పోర్న్ పూర్తిగా బంద్. రీల్స్‌లో వెతుక్కోవడం, పాత దృశ్యాలు తలలో తిప్పుకోవడం కూడా అందులోకే వస్తాయి. మొదటి నాలుగు వారాలు హస్తప్రయోగం లేదు. ఆ తర్వాత కావాలంటే తెర లేకుండా, చేయి వదులుగా, వారానికి ఒకటి రెండుసార్లు. మాత్రలు అడిగితే, రక్తప్రసరణకి సాయం చేస్తాయి గానీ అలవాటుని మార్చవు, అవసరమైతే తర్వాత చూద్దామన్నారు.

రెండో వారం నరకం. కోరికే లేదు, పొద్దున గట్టిపడటమూ ఆగిపోయింది. శాశ్వతంగా పోయిందనుకున్నాను. ఇలా కొందరికి కొన్ని వారాలు ఉంటుందని ముందే చెప్పినా ఆ టెన్షన్లో గుర్తుండదు కదా. 16వ రోజు రాత్రి 'పనిచేస్తుందో లేదో చూద్దాం' అని ఫోన్ తెరిచాను. డాక్టరు తిట్టలేదు, సున్నా నుంచి లెక్కపెట్టమనీ అనలేదు. ఆ రోజు ఏం జరిగిందో రాయమన్నారు. రాస్తే తెలిసింది: ఆఫీసులో మాట పడ్డాను, తను ఊరెళ్లింది, ఫోన్ దిండు కింద ఉంది. ఆ రాత్రి నుంచే ఫోన్ ఫ్రిజ్ మీదికి వెళ్లింది.

తనతో కలిసి చేసే భాగమే నాకు ఎక్కువ పనికొచ్చింది. వారానికి మూడు రోజులు, అరగంట చొప్పున, ఒకరినొకరు తాకడం. మొదట్లో రొమ్ములూ మర్మాంగాలూ వదిలేసి, వీపు, చేతులు, పాదాలు మాత్రమే. గట్టిపడినా సంభోగం వద్దు. ఆ నిషేధంతో పరీక్ష రద్దయింది. పరీక్ష లేనప్పుడు చూసుకోవలసిన పనీ లేదు. నాలుగు వారాల తర్వాత అన్ని చోట్లా తాకడం మొదలైంది. తగ్గితే కంగారు పడకుండా అలాగే ఉండి, మళ్లీ వచ్చేదాకా ఆగడం కూడా అభ్యాసంలో భాగమే.

ఈ చివరి ముక్క రాత్రి రాస్తున్నాను. ఇందాక నా వీపుకి కొబ్బరినూనె రాస్తూ వాళ్ల పిన్ని కూతురి నిశ్చితార్థం గొడవంతా చెప్పింది. మధ్యలో ఒకసారి గట్టిపడింది, తగ్గింది, మళ్లీ వచ్చింది. తగ్గినప్పుడు నేను ఆమె మాటే వింటున్నాను. తను నవ్వి, "ఇవాళ నువ్వు ఇక్కడే ఉన్నావు" అంది.

దుప్పటికి నూనె మరక అంటింది. రేపు పొద్దున నానబెట్టాలి.