మారటోరియం అంటే వడ్డీ ఆగినట్టు కాదు

బీటెక్ కోసం బ్యాంకులో 4 లక్షలు తీసుకున్నాను, ఏటా లక్ష చొప్పున, 10 శాతం వడ్డీకి. చదువు నాలుగేళ్లు, ఆ తర్వాత ఇంకో ఏడాది వరకు ఈఎంఐ లేదు. ఈ ఐదేళ్లనే మారటోరియం అంటారు. మా ఇంట్లో అందరూ దీన్ని 'వడ్డీ లేని టైమ్' అనే అనుకున్నారు. నిజానికి ప్రతి లక్ష కాలేజీకి వెళ్లిన రోజు నుంచే దానిపై సాధారణ వడ్డీ మొదలవుతుంది. మొదటి లక్ష మీద ఐదేళ్లు, చివరి లక్ష మీద రెండేళ్లు. అంతా కలిపితే 1,40,000. ఈఎంఐ మొదలయ్యే రోజు ఇది అసలులో కలిసిపోతుంది. అప్పుడు అప్పు 5,40,000. పదేళ్లకు ఈఎంఐ దాదాపు 7,140.

ఇందులో చివరి ఏడాది వడ్డీయే 40,000. నాకు చదువవగానే ఉద్యోగం వచ్చింది కాబట్టి ఆ ఏడాదిని ఊరికే వదలదలుచుకోలేదు. జీతం పడగానే నెలకు 7,000 లోన్ అకౌంట్‌లో వేస్తున్నాను. ఎలాగూ తర్వాత కట్టాల్సిన మొత్తమే కదా, ఇప్పుడే అలవాటవుతుంది. ఏడాదికి 84,000 వడ్డీ కిందికి పోతే, అసలులో కలిసేది 56,000 మాత్రమే. ఈఎంఐ సుమారు 6,030కి దిగుతుంది.

ఒక్క జాగ్రత్త. ఈఎంఐ మొదలయ్యే ముందు బ్రాంచికి వెళ్లి, మిగిలిన బాకీ మీద ఈఎంఐ మళ్లీ లెక్కగట్టమని రాతపూర్వకంగా అడగాలి. పాత షెడ్యూలే నడిస్తే నెలవారీ భారం తగ్గదు. వడ్డీ రేటు ఫ్లోటింగ్, అంటే ఎప్పటికప్పుడు మారేది అయితే ఈ అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి.