నూక ఎక్కడ తయారవుతోంది? చిన్న బియ్యం మరలో నా అనుభవం

మర పెట్టిన మొదటి నెలలో వడ్లు రోజూ వచ్చేవి. బియ్యం చూసుకుంటే మాత్రం నాకే దిగులుగా ఉండేది. ఒకరోజు ఒక పెద్దావిడ గుప్పెడు బియ్యం తెచ్చి బల్ల మీద పోసి, "బాబూ, అన్నీ ముక్కలే కదయ్యా" అంది. నిజమే, మూడో వంతు నూకే. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

మరలు బిగించే మేస్త్రీని పిలిస్తే ఆయన మర జోలికి పోలేదు. "ముందు గింజను చూద్దాం" అన్నాడు. ఆవిడ సంచిలోంచి వంద వడ్లు తీసి, చేత్తో పొట్టు వలిచి, బల్బుకు ఎదురుగా ఒక్కో గింజా పట్టుకుని చూశాం. గింజకు అడ్డంగా వెంట్రుకంత సన్నని గీత కనిపిస్తే పక్కన పెట్టాం. అలాంటివి 34 తేలాయి. అంటే అవి మరలోకి రాకముందే చిట్లాయి.

కారణం ఆరబెట్టడంలో ఉంది. మంచి ఎండలో గబగబా ఎండిన వడ్లను రాత్రి మంచులో అలాగే వదిలేశారట. బాగా ఎండిన గింజ పైపొర తేమ పీల్చి ఉబ్బుతుంది, లోపలి భాగం ఉబ్బదు. ఆ లాగుడుకే చీలిక వస్తుంది. పైకి పొట్టు బాగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు.

నేను ఊపిరి పీల్చుకుని, తప్పు నాది కాదనుకున్నాను. మర్నాడు ఇంకొకరి వడ్లు చూస్తే వందలో ఆరింటికే గీతలున్నాయి, తేమ కూడా 14 శాతం దగ్గర సరిగ్గా ఉంది. అయినా నూక పడింది. ఈసారి తప్పు నాదే.

రబ్బరు రోలర్ల కింద చెయ్యి పెట్టి గింజలు పట్టి లెక్కపెట్టాం. వందలో 98 పొట్టు ఊడిపోయాయి. ఒక్క విడతలోనే అన్నీ ఊడాలని రోలర్లను అతిగా దగ్గర చేశాను. ఆ నొక్కుడుకే గింజ విరుగుతోంది. సందు కాస్త పెంచి, వందకు పది, పన్నెండు వడ్లు అలాగే మిగిలేలా పెట్టాం. నా మరలో వడ్లు వేరు చేసే జల్లెడ ఉంది కాబట్టి అవి మళ్లీ రోలర్లలోకే పోతాయి. పాలిష్ దగ్గర బిగింపు కూడా తగ్గించాం. బియ్యం మరీ తెల్లగా రాలేదు కానీ నూక సగానికి పైగా తగ్గింది. నా దృష్టిలో తెలుపు కంటే నిండు గింజే ముఖ్యం.

రబ్బరు అరిగేకొద్దీ సందు పెరుగుతుంది కాబట్టి ఇప్పుడు రోజూ పొద్దున్నే మొదటి సంచికి ఆ వంద గింజల లెక్క చూస్తాను. గీతలు ఎక్కువుంటే, ఆడించక ముందే మనిషికి ఆ గింజలు బల్బు దగ్గర చూపిస్తాను. ఆ పెద్దావిడ ఇప్పుడు సాయంత్రం కాగానే వడ్లు కుప్ప చేసి పట్టా కప్పుతోంది.