భీమవరంలో అద్దె ఇల్లు: అసలు ఓనరు ఎవరు?

ఉద్యోగం మారడంతో అనంతపురం నుంచి భీమవరం వెళ్లాల్సి వచ్చింది. అక్కడ తెలిసినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఇల్లు ఆన్‌లైన్‌లోనే వెతకాలి. రెండు బెడ్‌రూముల ఇళ్లకు అందరూ ₹10,000 దాకా చెబుతుంటే ఒక ప్రకటనలో మాత్రం ₹6,000 అని ఉంది. ఫోటోలో బాల్కనీ వెనక పచ్చటి కొండ. గోదావరి డెల్టాలో, చుట్టూ వరిచేలూ రొయ్యల చెరువులూ ఉన్న ఊరికి కొండ ఎక్కడిది?

అయినా ఫోన్ చేశాను. తాను మిలిటరీలో ఉన్నానని, బదిలీ కావడంతో ఇల్లు అద్దెకిస్తున్నానని చెప్పాడు. నేను అడక్కుండానే ఐడీ కార్డు, ఆధార్ ఫోటోలు పంపాడు. అవి ఎవరివో, ఎవరి ఫోన్‌లోంచి వచ్చాయో ఎవరికి తెలుసు? నీళ్ల సంగతి అడిగితే "ఇరవై నాలుగ్గంటలూ తియ్యటి బోరు నీళ్లు సార్" అన్నాడు. భీమవరంలో బోరు వేస్తే ఉప్పు నీళ్లు పడతాయని, తాగడానికి కాలవ నీళ్లే గతి అని నాతో చేరబోయే ఆఫీసు మిత్రుడు ముందే చెప్పి ఉన్నాడు. ఆ తర్వాత అసలు మాట బయటికొచ్చింది. ఇల్లు చూడ్డానికి గేట్ పాస్ కావాలట, ₹2,500 కట్టాలట. ఆ డబ్బు తిరిగి రావాలంటే తాను పంపే QR కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టాలట. యూపీఐ పిన్ మన ఖాతాలోంచి డబ్బు పోవడానికే గానీ రావడానికి అక్కర్లేదు. నంబరు బ్లాక్ చేసి, ప్రకటన మీద ఫిర్యాదు పెట్టాను. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాల్సి వచ్చేది.

ఇలాంటివాళ్లు తొందరగానే దొరికిపోతారు. నిజంగా ఉన్న ఇంటితోనే నాకు ఎక్కువ పని పడింది.

ఆ ఇల్లు నచ్చింది. వీడియో కాల్‌లో చూపించినాయన తాళాలు తీసి గదులన్నీ తిప్పాడు. కానీ తాళాలు వాచ్‌మన్ దగ్గరా ఉంటాయి, ఖాళీ చేయబోతున్న అద్దెదారు దగ్గరా ఉంటాయి. ఒకే ఇంటికి పదిమంది దగ్గర అడ్వాన్సు తీసుకుని మాయమయ్యేవాళ్లు చేసేది కూడా ఇలాగే. అందుకే "కరెంటు మీటరు ఒకసారి చూపిస్తారాండీ?" అన్నాను. సర్వీసు నంబరు రాసుకుని, బిల్లు కట్టే యాప్‌లో అక్కడి కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ కింద కొట్టాను. వేరే పేరొచ్చింది. డోర్ నంబరుతో మున్సిపల్ శాఖ సైటు cdma.ap.gov.in లో ఇంటి పన్ను వెతికితే అక్కడా అదే పేరు. నాతో మాట్లాడుతున్నాయన ఇంటిపేరు కూడా అది కాదు.

నేరుగానే అడిగేశాను. "అది మా మావయ్యగారి పేరండీ. ఆయన పోయారు. అత్తయ్యగారు ఉన్నారు, మాట్లాడండి" అన్నాడు. నమ్మదగ్గ మాటే, కానీ ఎవరైనా చెప్పగలిగే మాట. దస్తావేజు నంబరు, సంవత్సరం అడిగి తీసుకుని రిజిస్ట్రేషన్ శాఖ సైటులో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, చూశాను. ఆ పెద్దాయన కొన్న దస్తావేజు కనిపించింది, ఆ తర్వాత అమ్మకం గానీ తనఖా గానీ లేదు. అయితే ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. మనిషి చనిపోయిన సంగతి గానీ, వారసులెవరన్నది గానీ అందులో ఉండదు. పన్ను రసీదు, కరెంటు బిల్లు కూడా హక్కు పత్రాలు కావు. పాత పేరు అలాగే ఉండిపోవడం మన ఊళ్లలో మామూలే కాబట్టి, పేరు కలవనంత మాత్రాన మోసమని అనుకోలేదు. ఆ పాత పేరుకూ, ఇప్పుడు డబ్బు తీసుకునేవాళ్లకూ మధ్య లింకు మాత్రం కాగితం మీద కావాలి.

ఆ లింకు కోసం మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం చూపమని అడిగాను. అల్లుడుగారికి కాస్త కోపం వచ్చినట్టుంది. పెద్దావిడ మాత్రం "ఆయ్, చూసుకోండి బాబూ, తప్పేముంది?" అంది. రెండో కాగితంలో ఆవిడ, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు. ఆయనతోనూ ఫోన్‌లో మాట్లాడి, అమ్మకే అద్దె కట్టమన్నట్టు మెసేజ్ పెట్టించుకున్నాను.

చివరికి సెలవు పెట్టి వెళ్లి ఇల్లు చూశాను. కింద వాటాలో ఉండేవాళ్లను "ఇంటావిడ ఎవరండీ?" అని విడిగా అడిగితే అదే పేరు చెప్పారు. అగ్రిమెంటు 11 నెలలకు రాసుకున్నాం. అందులో ఓనరుగా అల్లుడి పేరు కాకుండా, చనిపోయినాయన భార్యగా, వారసురాలిగా ఆవిడ పేరే రాయించాను. అల్లుడుగారు సాక్షి సంతకం పెట్టారు. అడ్వాన్సు తన నంబరుకు పంపమని ఆయన అన్నారు గానీ, ఆవిడ బ్యాంకు ఖాతాకే ముందు ఒక్క రూపాయి పంపి, ఆవిడ పాస్‌బుక్కులో పడిందని చూశాక మిగతాది వేశాను.