మలుపు మధ్యలో పట్టేస్తున్న ఎడమ బూటు

కుడి బూటు దారికొచ్చింది, జుంబా క్లాసంతా హాయిగా తిరుగుతోంది. ఎడమదే ప్రాణం తోడేస్తోంది! మొదటి రెండు పాటలకి బాగానే ఉంటుంది. చెమట పట్టి ఒళ్ళు వేడెక్కేసరికి మలుపు సగంలో అడుగు నేలకి పట్టేస్తుంది. నడుము తిరిగిపోతుంది, పాదం తిరగదు, ఆ మెలికంతా మోకాలి మీద పడుతుంది.

మా క్లబ్‌హౌస్‌లో నున్నటి విట్రిఫైడ్ టైల్స్. మలుపులో పాదం సులువుగా తిరగాలని రెండు బూట్లకీ బొటనవేలి మొదలు కింద 6 సెంటీమీటర్ల గుండ్రటి స్వెడ్ తోలు ముక్క అంటించాను. పట్టు ఎంతుందో చూడ్డానికి బూటు ముందు భాగంలో రెండున్నర కిలోల బియ్యం మూట పెట్టి, మడమకి లగేజీ తూకం కొక్కెం తగిలించి పక్కకి లాగాను. ఉత్త రబ్బరు అడుగైతే 480 గ్రాములకి తిరిగింది. కొత్త స్వెడ్‌తో 130. క్లాసు అయ్యాక కుడిది 150, ఎడమది ఏకంగా 310!

తిప్పి చూస్తే స్వెడ్ ముందంచు లోపలి వైపున రెండు మిల్లీమీటర్లు జరిగింది, ఆ సందులోంచి గమ్ము బయటికొచ్చి దుమ్ము పట్టి నల్లబడింది. టైల్ మీద కూడా విల్లులా నల్లటి చార. రబ్బరుని గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, గమ్ము రెండు వైపులా రాసి, ఆరాక అంటించి, రాత్రంతా బరువు పెట్టినా మళ్ళీ అదే చోట లేస్తోంది.

నా అనుమానం అడుగు వంగే గాడి మీద. ముక్క ముందంచు సరిగ్గా ఆ గాడి మీదే ఉంది. మడమ లేపినప్పుడల్లా గాడి తెరుచుకుని అంచుని లాగుతుంది. మా స్టెప్పుల్లో ఎక్కువ మలుపులు ఎడమ కాలి మీదే కాబట్టి దానికే దెబ్బ.

అందుకే ఈసారి 4 సెంటీమీటర్ల ముక్క, గాడికి పూర్తిగా వెనక. చిన్నదైతే జారుడు తగ్గుతుందని మా బ్యాచ్‌లో ఒకావిడ వాదన. నేనొప్పుకోను. బరువంతా ఆ ముక్క మీదే ఆనితే, అది చిన్నదయ్యేకొద్దీ మెలితిప్పడానికి కావలసిన బలం తగ్గుతుంది. రైకా వాళ్ళ డాన్స్ బూట్లలో అడుగున చిన్న గుండ్రటి చోటు పెట్టడం అందుకే నాకు నచ్చుతుంది. స్వెడ్ బదులు అడుగుకి డక్ట్ టేపు అంటించే చిట్కా మాత్రం నాకు అస్సలు నచ్చదు. మొదట మరీ జారుతుంది, తర్వాత జిగురు కక్కుతుంది. మడమ రబ్బరు జోలికి మాత్రం పోను, ఆగడానికి పట్టు అక్కడే కావాలి.

ఇదీ లేస్తే స్వెడ్ మానేసి, అడుగు మధ్యలో తెగి ఉండే స్ప్లిట్ సోల్ డాన్స్ స్నీకర్ తీసుకుంటాను. బ్లాక్, కపేజియో కంపెనీలవి రెండూ వేసుకుని చూడాలి, అదీ టైల్స్ మీదే. కొట్లో కార్పెట్ మీద తిరిగి చూస్తే ఏమీ తెలియదు.