పెన్నుతో దిద్దినా మారని పిన్‌కోడ్: నా అనుభవం

రామచంద్రపురం పార్సిల్ నిన్న సాయంత్రం తిరిగి మా ఇంటికే వచ్చింది. వెళ్లిన ఖర్చు, తిరిగొచ్చిన ఖర్చు రెండూ నా ఖాతాలోంచే కోసుకున్నారు. ఆ మంట ఉండగానే ఇది రాస్తున్నాను. ఇంటి నుంచి చీరలో, పచ్చళ్లో పంపుకునేవాళ్లు ఎవరైనా ఇదే గుంటలో పడకూడదు.

మాది మంగళగిరి. మగ్గాల వాళ్ల దగ్గర చీరలు తీసుకుని ఫోన్ మీద, ఒక చిన్న వెబ్‌సైట్ మీద అమ్ముతాను. ద్రాక్షారామం దగ్గరున్న రామచంద్రపురం నుంచి ఒకావిడ వరలక్ష్మీ వ్రతానికని రెండు నిజాం బోర్డర్ చీరలు తీసుకున్నారు. డబ్బు వెంటనే వేశారు. ప్యాకింగ్ అయింది, లేబుల్ అంటించాను, కొరియర్ అబ్బాయి వచ్చి తీసుకెళ్లాడు. ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

ఆ రాత్రి ఆవిడే ఫోన్ చేశారు. "అక్కా, పిన్‌కోడ్ తప్పు పడిందండీ. మా చెల్లెలి ఇంటిది వచ్చేసింది" అన్నారు. చెల్లెలు హైదరాబాద్ బీహెచ్ఈఎల్ దగ్గర రామచంద్రపురంలో ఉంటుంది. ఆవిడ ఫోన్ ఇదివరకు దాచుకున్న 502032 దానంతటదే పెట్టేసింది. కావలసింది 533255. లేబుల్ మీద ఊరి పేరు చూస్తే సరిగ్గానే ఉంది, పిన్‌కోడ్ వెతికి చూసినా రామచంద్రపురం అనే వస్తుంది. రెండు ఊళ్లకూ పేరు ఒకటే కావడంతో ఎవరి కంటికీ అనుమానం రాని తప్పు ఇది.

కస్టమర్ కేర్‌కి చేశాను. "అప్‌డేట్ చేశాం మేడం, వర్రీ అవకండి" అన్నారు. నమ్మకం కుదరక పొద్దున్నే విజయవాడలో వాళ్ల హబ్‌కి వెళ్లాను. పార్సిల్ ఇంకా అక్కడే ఉంది. కౌంటర్లో ఉన్నతను మార్కర్ తీసి 502032 కొట్టేసి, పక్కన పెద్దగా 533255 రాసి, "అయిపోయిందమ్మా, ఇక మీరు వెళ్లండి" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను. మర్నాడు ట్రాకింగ్ చూస్తే పార్సిల్ హైదరాబాద్‌లో ఉంది. అక్కడి డెలివరీ అబ్బాయి ఆవిడకు ఫోన్ చేసి, మేం గోదావరి జిల్లాలో ఉంటాం బాబూ అని ఆవిడ చెబితే, "అడ్రస్ తప్పు" అని రాసి వెనక్కి పంపేశాడు.

మళ్లీ హబ్‌కి వెళ్లాను. ఈసారి మేనేజర్ లోపలి నుంచి వచ్చాడు. నా వెనక పది మంది నిలబడి ఉండగా, "అడ్రస్ కూడా సరిగ్గా ఇవ్వలేనివాళ్లు వ్యాపారం ఎందుకమ్మా చేస్తారు? మా టైం తినడానికా?" అన్నాడు. దిద్దింది మీ మనిషే, దిద్దితే చాలన్నదీ మీ మనిషే అన్నాను. "రాసినంత మాత్రాన ఎలా వెళ్తుంది?" అని లోపలికి వెళ్లిపోయాడు. అంతమందిలో ముఖం ఎత్తలేకపోయాను. ఆ మాట మొదటిరోజే చెప్పి ఉంటే నా పార్సిల్ నేను ఇంటికి తెచ్చుకుని వేరే లేబుల్‌తో పంపేదాన్ని. వ్రతం నాటికి చీరలు చేరేవి. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

అసలు సంగతి బయట లోడింగ్ దగ్గర పనిచేసే పెద్దాయన చూపించాడు. మార్కర్‌తో దిద్దిన ఇంకో పార్సిల్ తీసి స్కానర్ గన్ను పెట్టాడు. తెరమీద పాత పిన్‌కోడే వచ్చింది. "చూశావా తల్లీ, ఇది నువ్వు రాసింది చదవదు. ఈ బార్‌కోడ్ గీతల్లో ఉన్నది పార్సిల్ నంబరొక్కటే. ఆ నంబరుకి బుకింగ్‌లో ఏ పిన్‌కోడ్ ఉంటే ఆ సంచిలోకి వెళ్తుంది" అన్నాడు. లేబుల్ పైమూల పెద్ద అక్షరాల్లో ఉండే రూట్ కోడ్ కూడా ఆ పిన్‌కోడ్ నుంచి పుట్టిందే. రాసిన అడ్రస్‌ని మనిషి కళ్లతో చదివేది చివరి ఊళ్లో డెలివరీ అబ్బాయి ఒక్కడే. అప్పటికి పార్సిల్ తప్పు ఊరికి చేరిపోయి ఉంటుంది.

అందుకని పిన్‌కోడ్ తప్పని తెలిస్తే దిద్దించడానికి తిరగకండి. పికప్ కాకపోతే ఆ బుకింగ్ రద్దు చేసి, పాత లేబుల్ పూర్తిగా పీకేసి, కొత్త నంబరుతో కొత్త లేబుల్ ప్రింట్ తీయండి. పికప్ అయిపోతే హబ్ దాటకముందే పార్సిల్ వెనక్కి ఇవ్వమని అడగండి. ఫోన్లో "అప్‌డేట్ చేశాం" అంటే వాళ్లు మార్చింది సాధారణంగా ఇంటి నంబరో, ఫోన్ నంబరో అయి ఉంటుంది. వేరే పిన్‌కోడ్ అంటే వాళ్ల లెక్కలో అది వేరే పార్సిలే.

ఇప్పుడు నేను ఊరి పేరు చూసి ఊరుకోవడం లేదు. పిన్‌కోడ్ మొదటి మూడు అంకెలు చూస్తాను. 533 అంటే రాజమండ్రి, కాకినాడ, అమలాపురం వైపు. 502 అంటే సంగారెడ్డి, మెదక్ వైపు. అడ్రస్‌లో గోదావరి అని ఉండి ముందు 502 కనబడితే లేబుల్ ప్రింట్ తీయకుండా ఫోన్ చేస్తాను. పిన్‌కోడ్ చివరి మూడంకెలు పోస్టాఫీసువి కాబట్టి, "మీ పోస్టాఫీసు ఏదండీ?" అని అడిగితే చాలు, తప్పు బయటపడుతుంది. కొత్తపేట, కొత్తపల్లి, రామచంద్రపురం లాంటి పేర్లు మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో చోట్ల ఉన్నాయి. వాటికి ఈ ప్రశ్న తప్పనిసరి.

ఆ పెద్దాయనే ఇంకోటి చూపించాడు. ఎవరో వేరే కంపెనీ నుంచి వచ్చిన అట్టపెట్టెనే మళ్లీ వాడారు, పక్కన పాత బార్‌కోడ్ అలాగే ఉంది. గన్ను ముందు దాన్ని పట్టుకుంటే పార్సిల్ లెక్కలో లేనిదై మూలన పడుతుంది. పాత పెట్టె వాడితే పాత గీతలన్నీ పీకండి, రాకపోతే నల్ల మార్కర్‌తో నిండా పులమండి. చీరల కవరు మెత్తగా ఉండి లేబుల్ ముడతలు పడుతుంది కాబట్టి లోపల ఒక అట్ట పెట్టి, చదునుగా ఉన్నవైపు అంటిస్తున్నాను. ప్రింట్ ఇచ్చేటప్పుడు Actual size పెడతాను. కాగితానికి సరిపడేలా కుదిస్తే గీతలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. బార్‌కోడ్‌కి రెండు పక్కలా తెల్లటి ఖాళీ ఉండాలి, టేపు అంచు దాని మీదుగా పోకూడదు. ఆర్డర్లు ఎక్కువున్న రోజు ఒక పార్సిల్‌కి లేబుల్ అంటించాకే రెండోది తెరుస్తాను. లేబుళ్లన్నీ ఒకేసారి తీసి కుప్పగా పెట్టుకుంటే ఒకదానిది ఇంకోదానికి ఎక్కుతుంది.

ఇక కొరియర్ వెళ్లని ఊళ్ల సంగతి. మారేడుమిల్లి దాటి లోపలి ఊళ్లకు ఆర్డర్ వస్తే, డబ్బు తీసుకోకముందే కొరియర్ పేజీలో పిన్‌కోడ్ కొట్టి చూస్తాను. ముందే డబ్బు కట్టిన పార్సిల్‌కి ఉందని వచ్చినా, క్యాష్ ఆన్ డెలివరీకి లేదని రావచ్చు, రెండూ విడిగా చూడాలి. ఉందని వచ్చినా ఊరి దాకా రాకుండా, మండల కేంద్రానికి వచ్చి తీసుకోమనేవాళ్లున్నారు. అలాంటి ఊళ్లకు నేను స్పీడ్ పోస్టే వాడుతున్నాను. ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా పోస్టుమాన్‌కి ఆ ఇల్లు తెలుసు. రామచంద్రపురం ఆవిడకు ఆ రెండు చీరలూ ఇవాళ పొద్దున్న మా ఊరి పోస్టాఫీసులోనే ఇచ్చాను. కౌంటర్లో అమ్మాయి 533255 కొట్టి, "ద్రాక్షారామం పక్కది కదండీ?" అని అడిగాకే రసీదు తీసింది.