అరసవల్లి కిరణం: పిల్లలు అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం పిల్లలకి అరసవల్లి సూర్యనారాయణ స్వామి కొత్త కాదు. రథసప్తమికి అర్ధరాత్రి నుంచే క్యూలో నిలబడటం, ఇంద్ర పుష్కరిణి మెట్లు, నల్లరాతి విగ్రహం, స్వామి రెండు చేతుల్లో తామరమొగ్గలు, అన్నీ చిన్నప్పటి నుంచి చూసినవే. తొమ్మిదిలోకో పదిలోకో వచ్చాక ఒక ప్రశ్న మొదలవుతుంది. “ఏడాదికి రెండుసార్లు సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకుతాయి కదా, అది మహిమా, లెక్కా?”

లెక్కే. ఆ మాట ఒప్పుకోవడానికి భక్తులు జంకనక్కర్లేదు. ఆ లెక్క ఎంత సున్నితమైనదో తెలిస్తే గుడి మీద గౌరవం పెరుగుతుందే గాని తగ్గదు.

కిరణాలు తాకేది మార్చి 9, 10 తేదీల చుట్టూ, మళ్లీ అక్టోబరు 1, 2 తేదీల చుట్టూ. మార్చి 20 ప్రాంతంలో, సెప్టెంబరు 23 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయిస్తాడు. ఆ రోజుల్ని విషువత్తులు అంటాం. మొదటి విషువత్తుకి పది రోజుల ముందు, రెండోదానికి ఎనిమిది తొమ్మిది రోజుల తర్వాత సూర్యుడు ఉదయించే చోటు దాదాపు ఒక్కటే: తూర్పుకి దక్షిణంగా సుమారు నాలుగు డిగ్రీల దూరంలో. అంటే గోపురం, అనివెట్టి మండపం, గర్భాలయం గడప కలిపి గీసే గీత తూర్పుకి కాస్త దక్షిణంగా చూస్తోందన్నమాట. సూర్యుడు ఆ గీత మీదికి వచ్చిన పొద్దుటే వెలుగు లోపలిదాకా వెళ్తుంది. సూర్యోదయ స్థానం ఉత్తరానికి వెళ్లేటప్పుడు ఒకసారి, దక్షిణానికి తిరిగొచ్చేటప్పుడు ఒకసారి, అందుకే ఏడాదికి రెండుసార్లు.

“మరి రెండు మూడు రోజులేనా? నెలంతా ఎందుకు పడవు?” ఇది మంచి ప్రశ్న. విషువత్తు దగ్గర సూర్యోదయ స్థానం రోజుకి దాదాపు 0.4 డిగ్రీలు జరుగుతుంది. మన కంటికి సూర్యబింబం వెడల్పే అర డిగ్రీ. అంటే రోజుకి దాదాపు తన వెడల్పంత పక్కకి జరిగిపోతున్నాడు. ఇరుకైన దారిలోంచి వచ్చే వెలుగు రెండు మూడు రోజుల్లోనే గడప గోడకి తగిలి ఆగిపోతుంది. నిమిషాల లెక్క కూడా ఇలాంటిదే. ఆకాశంలో సూర్యుడు సుమారు నాలుగు నిమిషాలకి ఒక డిగ్రీ కదులుతాడు కాబట్టి ఆ దృశ్యం కొద్ది నిమిషాలే ఉంటుంది.

ఇక్కడ పెద్దవాళ్లు కూడా పొరపడే మాట ఒకటుంది. “ఉత్తరాయణం, దక్షిణాయనం మారేటప్పుడు కిరణాలు పడతాయి” అని చాలామంది చెబుతారు, పత్రికల్లోనూ వస్తుంది. ఆకాశంలో అయనం మారేది డిసెంబరు 21, జూన్ 21 ప్రాంతాల్లో. అప్పుడు సూర్యోదయ స్థానం రోజుల తరబడి కదిలీ కదలనట్టు ఉంటుంది. గుడి ఆ దిక్కుకి కట్టి ఉంటే కిరణాలు రెండు రోజులు కాదు, వారాల తరబడి పడేవి. రథసప్తమి నాడూ పాదాల మీద కిరణం పడదు. 2026లో రథసప్తమి జనవరి 25న వచ్చింది. ఆ రోజు సూర్యుడు తూర్పుకి సుమారు ఇరవై డిగ్రీలు దక్షిణంగా ఉదయించాడు. ఇలాంటి చిన్న తప్పులు సరిదిద్దితే భక్తికి లోటేమీ రాదు. సరిదిద్దకపోతేనే పాఠం చదివిన పిల్లలు గుడి మాటలన్నీ అబద్ధమేమో అనుకుంటారు.

ఈ లెక్క నమ్మమని ఎవరూ అడగక్కర్లేదు, ఇంట్లోనే చూడొచ్చు. తూర్పు వాకిలి ఉన్న ఇంట్లో, వాకిలికి అయిదు మీటర్ల దూరాన ఉన్న గోడ మీద పొద్దుటి ఎండ పడితే చాలు. మార్చి రెండో వారంలో రోజూ ఒకే సమయానికి, ఎండముక్క ఎడమ అంచు దగ్గర పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయాలి. గీత రోజుకి దాదాపు మూడు సెంటీమీటర్లు దక్షిణానికి జరుగుతుంది. ఎండ ముక్క ఎత్తు కూడా కొంచెం మారుతుంది, ఆ మార్పు పట్టించుకోవద్దు. అంచు మసగ్గా ఉంటే గీత ఒక సెంటీమీటరు అటూ ఇటూ అవుతుంది కాబట్టి ఒక్కరోజు తేడా చూసి తేల్చకుండా వారమంతా గీయాలి. డిసెంబరు మూడో వారంలో ఎండ పడే ఇంకోచోట ఇదే పని చేస్తే గీతలు దాదాపు ఒకదాని మీద ఒకటి పడతాయి. చూడాల్సింది గోడని, సూర్యుణ్ణి కాదు. నేరుగా చూస్తే కంటికి హాని.

పూర్వం దిక్కు కట్టిన పద్ధతీ ఇంత సూటిదే. చదునైన నేల మీద వృత్తం గీసి, మధ్యలో పన్నెండు వేళ్ల వెడల్పంత ఎత్తున్న శంకువు అనే మేకుని నిలబెట్టేవారు. పొద్దున దాని నీడ కొస వృత్తాన్ని తాకిన చోట ఒక గుర్తు, మధ్యాహ్నం తర్వాత మళ్లీ తాకిన చోట ఇంకో గుర్తు. రెండూ కలిపితే తూర్పు పడమర గీత. సూర్యసిద్ధాంతంలో ఉన్న పద్ధతి ఇది. స్వామికి గుడి కట్టడానికి ముందు స్వామి నీడని కొలవాల్సి వచ్చింది. కొలిచిన చేతికి, దండం పెట్టిన చేతికి అప్పట్లో తగువు లేదు.

ఏడు గుర్రాలంటే ఇంద్రధనుస్సులోని ఏడు రంగులేనా అని కూడా అడుగుతారు. అలా ముడిపెట్టకపోవడమే మంచిది. వెలుగులో రంగులు విడివిడి గళ్లుగా ఉండవు, ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతూ ఉంటాయి. ఏడు అని విడదీసినవాడు న్యూటన్. మన పురాణం ఆ గుర్రాలని గాయత్రి, బృహతి, ఉష్ణిక్కు, జగతి, త్రిష్టుప్పు, అనుష్టుప్పు, పంక్తి అనే ఛందస్సులుగా చెప్పింది. సూర్యుడి రథాన్ని వేదఛందస్సులు లాగుతున్నాయన్న ఊహ దానంతట అదే గొప్పది, దానికి భౌతికశాస్త్రం సాక్ష్యం అవసరం లేదు.

చివరికి అసలు ప్రశ్న వస్తుంది: “అంతా లెక్కే అయితే దండం ఎందుకు?” దీనికి జవాబు అరసవల్లిలో తరచూ వినిపించే మాటలోనే ఉంది. “ఆరోగ్యం భాస్కరాదిచ్ఛేత్.” ఇందులో క్రియ “ఇచ్ఛేత్”, అంటే కోరుకోవాలి. “లభతే” అని, దొరికి తీరుతుందని అనలేదు. నీళ్లు ఇన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయి అన్నట్టు చెప్పిన వాక్యం కాదది. భాస్కరుడి వైపు తిరిగి ఏం కోరుకోవాలో నేర్పే వాక్యం. శాస్త్రం ఏది ఎలా జరుగుతుందో చెబుతుంది, ఈ శ్లోకం మనసుని ఎటు తిప్పాలో చెబుతుంది. కాబట్టి చర్మవ్యాధికో కంటిజబ్బుకో స్వామికి మొక్కుకున్నవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్తే మొక్కుకి భంగం కాదు. మందు మానేసి వచ్చిన మొక్కే ఆ క్రియాపదాన్ని తప్పుగా చదివినట్టు.

కిరణం చూడాలనుకునే పిల్లలకి ఒక మాట. శ్రీకాకుళంలో మార్చి 10 ప్రాంతంలో సూర్యోదయం ఆరు దాటి కొద్ది నిమిషాలకి, అక్టోబరు 2 ప్రాంతంలో ఆరుకి దాదాపు పావుగంట ముందు. అంతకు గంట ముందే లోపల ఉండాలి. అక్టోబరులో వాన మబ్బులు, మార్చిలో పొద్దుటి మంచు అడ్డొచ్చి కిరణం కనిపించని ఏళ్లు కూడా ఉంటాయి. ఆ పొద్దున కూడా అర్చన వేళకే మొదలవుతుంది, హారతి తీసుకుని రావచ్చు.