హనోయిలో నాకు రెండు ‘నేను’లు

హనోయిలో ఉద్యోగంలో చేరేముందు, వియత్నామీస్‌లో ‘నేను’ అనడానికి ‘తోయ్’ అనాలని పుస్తకంలో నేర్చుకున్నాను. అది తప్పు మాట కాదు. కానీ రోజూ పక్కన కూర్చునేవారితో అలా అంటే, వారితో ఏ వరసా కలుపుకోవడం ఇష్టం లేనట్టు వినిపిస్తుంది.

మొదటి రోజే అందరూ నేను పుట్టిన సంవత్సరం అడిగారు. అక్కడి పాత లెక్కలో బిడ్డకు పుట్టగానే ఒక ఏడు వేస్తారు కాబట్టి వయసు చెబితే తేడా రావచ్చు, సంవత్సరం చెబితే రాదు. నాది 1993. 1990లో పుట్టిన సహోద్యోగిని నాకు ‘చి’, అంటే అక్క. 1996లో పుట్టిన అతను నాకు ‘ఎమ్’. తమ్ముడికీ చెల్లికీ ఆ ఒక్క మాటే. అతనికి నేను ‘అఞ్’, అంటే అన్న.

వరస పెట్టి పిలవడం మనకు కొత్త కాదు. అయితే అక్కడ ఆ మాటలే ‘నువ్వు’, ఆ మాటలే ‘నేను’. మొదటి నెలంతా ఎక్కువగా అక్కతోనే పని పడటంతో, ఎమ్ అంటే ‘నేను’ అని నా నాలుకకు అలవాటైపోయింది. ఒక మధ్యాహ్నం ఆ చిన్నవాడు “అఞ్ తిన్నారా?” అన్న అర్థంలో అడిగితే, “ఎమ్ తినడం అయింది” అన్నాను. “లేదు, నేనింకా తినలేదు” అన్నాడతను. నా మాట అతని భోజనం గురించి అనుకున్నాడు!

తడబడకుండా ఉండాలని సర్వనామమే వదిలేయడం మొదలుపెట్టాను. తెలుగులో ‘తిన్నాను’ అంటే చాలు, ‘నేను’ అక్కర్లేదు. వియత్నామీస్ క్రియ ఎవరికోసమూ మారదు. వరస మాట తీసేస్తే గౌరవమూ దానితోపాటే పోతుంది. పెద్దవారితో అలా మాట్లాడటాన్ని ‘ఖాళీగా మాట్లాడటం’ అంటారని అక్క మెల్లగా చెప్పింది.

చివరికి దారి చూపింది మా అమ్మ మాటే. “ఏడవకు, అమ్మ వచ్చేస్తుంది” అని పిల్లలతో అంటుంది కదా, అక్కడ ‘అమ్మ’ అంటే ‘నేను’. అప్పటినుంచి ఎదుటివారు నన్ను ఏమని పిలిస్తే, వారి దగ్గర అదే నా ‘నేను’ అనుకున్నాను. వయసు తెలియనివారైతే ముందు వారినే మాట్లాడనిచ్చేవాణ్ని.

ఒకసారి అక్క వాళ్లింట్లో భోజనానికి వెళ్లాను. 2001లో పుట్టిన కుర్రవాణ్ని ఆమె ‘అఞ్’ అని పిలుస్తోంది. అతను ఆమె పెదనాన్న కొడుకు. బంధువుల్లో చూసేది వయసు కాదు, తండ్రుల్లో ఎవరు పెద్ద అన్నది. నేను ఆ కుటుంబంవాణ్ని కాను కాబట్టి, నా విషయంలో మళ్లీ వయసే లెక్క. ఆ పూట నేను ఆమెను అక్కా అన్నాను, ఆమె అతన్ని అన్నా అంది, అతను నన్ను అన్నా అన్నాడు.